ఆవకాయ స్పైసీ కాదు

కొత్తావకాయ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంటే రెండు సంగతులు జరుగుతాయి. మొదటిది ముక్కులో. ముద్ద ఇంకా గొంతు దిగకముందే ఏదో సర్రున నసాళానికి ఎక్కి, కళ్ళల్లో నీళ్ళు తిప్పి, ఒకసారి ఊపిరి పీల్చి వదిలేలోపు మాయమవుతుంది. రెండోది నాలుక మీద. ఇది నెమ్మదిగా మొదలై పెదవుల దాకా పాకుతుంది, ముద్దముద్దకీ పెరుగుతుంది, చెయ్యి కడుక్కున్నాక కూడా కాసేపు వదలదు. మొదటిది ఆవ ఘాటు, రెండోది మిరప కారం. ఈ రెంటినీ కలిపి ఇంగ్లీషులో హాట్ అనో స్పైసీ అనో అంటారు. ఈమధ్య వంటల వీడియోల్లో, హోటల్ మెనూల్లో, చివరికి ఇంట్లో పిల్లల నోట కూడా స్పైసీ అనే వింటున్నాను. నా అభ్యంతరం దాని గురించే.

పరాయి మాట వచ్చిందని కాదు. బస్సు వచ్చింది, రైలు వచ్చింది, వాటితో మనకి ఏ ఇబ్బందీ లేదు. ఈ స్పైసీ మాత్రం రెండు మాటల్ని మింగేసి, వాటి మధ్య ఉన్న తేడాని కూడా తనతో పట్టుకుపోతోంది. ఆ తేడా వంట చేసేవాళ్ళకి రోజూ పనికొచ్చేది.

అరటికాయ ఆవ పెట్టిన కూర తీసుకోండి. అరటికాయ ముక్కల్ని పసుపు, ఉప్పు, కొంచెం చింతపండు రసం వేసి ఉడికించి, పోపు పెట్టుకుంటాం. ఇంకోపక్క ఒక చెంచాడు ఆవాలు, ఒకటో రెండో ఎండుమిరపకాయలు కాసేపు నానేసి, చన్నీళ్ళు చిలకరిస్తూ మెత్తగా నూరుకుంటాం. కూర దింపి, కాస్త వేడి తగ్గాక, ఆ ముద్ద కలుపుతాం. పొయ్యి మీద ఉడుకుతుండగా కలిపితే ఘాటు రాదు సరికదా, కూర చేదెక్కుతుంది. ఈ కూర చేసే ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్త ఇది.

దీనికి కారణం గింజలోనే ఉంది. ఆవగింజని నలపకుండా మింగితే ఘాటూ గీటూ ఏమీ ఉండదు. గింజ లోపల సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము వేరేచోట విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి తడి తగిలాకే అవి కలుసుకుంటాయి, ఘాటు అప్పుడు పుడుతుంది. అలా పుట్టిన ద్రవ్యం పేరు అల్లైల్ ఐసోథయోసైనేట్. ఇది ఇట్టే ఆవిరైపోయే రకం కాబట్టి నోట్లోంచి ముక్కు వెనక దారి పట్టుకుని పైకి పోతుంది. ఎక్కువ వేడి తగిలితే ఎంజైము పని చెయ్యడం మానేస్తుంది, సినిగ్రిన్ అలాగే మిగిలిపోతుంది. ఆ సినిగ్రిన్ చేదు. పోపులో చిటపటలాడిన ఆవాలకి కమ్మటి వాసనే తప్ప ఘాటు లేకపోవడానికి కూడా కారణం ఇదే.

ఇప్పుడు ఆ కూర తిన్నవాళ్ళు "స్పైసీగా లేదు" అన్నారనుకోండి. వండినావిడ ఏం చెయ్యాలి? మరో రెండు మిరపకాయలు వేస్తుంది. కూర మండుతుంది గానీ బాగుపడదు. అదే "ఆవ ఘాటు రాలేదే" అంటే ఆవిడకి లోపం ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. వేడి మీద కలిపానా, వేణ్ణీళ్ళతో నూరానా, ఆవాలు పాతబడ్డాయా అని చూసుకుంటుంది. మాట సరిగ్గా పడితే సగం మరమ్మతు అయిపోయినట్టే.

ఆవకాయ జాడీ కూడా ఇదే చెబుతుంది. వేసవిలో పెట్టిన ఆవకాయ కొత్తలో ముక్కు పుటాలు అదరగొడుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ అదురు ఉండదు. మిరపలోని క్యాప్సైసిన్ మాత్రం ఆవిరయ్యేది కాదు, అంత తేలిగ్గా చెడేదీ కాదు. అందుకని పాతావకాయలో ఘాటు తగ్గినా కారం కారంగానే ఉంటుంది. ఒకటే జాడీ, ఒకటే పచ్చడి, ఒకటి పోయింది, ఒకటి ఉంది. ఇంగ్లీషులో ఈ మాట చెప్పాలంటే "మస్టర్డ్ హీట్ పోయింది, చిల్లీ హీట్ ఉంది" అని ఏ పదార్థానికా పదార్థం పేరు తగిలించాలి. తెలుగులో రెండు మాటలతో అయిపోతుంది.

ఘాటుకీ కారానికీ మధ్య గోడ కట్టేసి ఉందని నేననను. మిరియాల ఘాటు అంటాం, మిరియాల కారమూ అంటాం. ఎండుమిరపకాయలు వేయిస్తుంటే వచ్చే పొగని ఘాటనే అంటాం, అదీ మిరపే అయినా. పొగాకు ఘాటు, సంపెంగ పువ్వు ఘాటు ఉన్నాయి. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ముక్కు. ముక్కుని పట్టి కుదిపేది ఘాటు, నోట్లో మండేది కారం. వాడుకలో జారినా, ఎటు మొగ్గుతుందో తెలుగు తెలిసిన చెవికి తెలుస్తుంది.

ఈ లెక్కన బడి పుస్తకాల్లోనూ నిఘంటువుల్లోనూ షడ్రుచుల పట్టికలో కారానికి ఎదురుగా రాసే పంజెంట్ అనే మాట నాకు ఎప్పుడూ కుదరనట్టే ఉంటుంది. ఆ మాటకి లాటిన్ మూలంలో గుచ్చడం అని అర్థం. శాస్త్ర గ్రంథాల్లో మిరపనీ మిరియాన్నీ పంజెంట్ అంటారు, నిజమే. మామూలు ఇంగ్లీషులో మాత్రం ముక్కు మూసుకోవాలనిపించే జున్నునీ, నాటు పొగాకునీ, వెల్లుల్లి వాసన పట్టిన చేతుల్నీ పంజెంట్ అంటారు. అంటే ఇవాళ అది ముక్కు మాట. మనవైపు దాని జోడీ ఘాటు. కారానికి పంజెంట్ అని రాసిన విద్యార్థి పరీక్షలో మార్కు తెచ్చుకోవచ్చు గానీ, ఇంగ్లీషు దేశంలో హోటల్లో కూర్చుని "ఈ కూర పంజెంట్‌గా ఉంది" అంటే వడ్డించేవాడు కూర పాడైందేమోనని కంగారు పడతాడు.

కారం అనే మాటకి కూడా ఒక ప్రయాణం ఉంది. క్షారం వికృతి కారం. క్షారమంటే ఒంటికి తగిలితే కాల్చే, కొరికే గుణం ఉన్నది. మిరపకాయ ఈ దేశానికి రాకముందే ఆ మాట ఉంది. కొలంబస్ 1492లో అమెరికా చేరాకే మిరపకాయ సముద్రం దాటింది, ఆ తర్వాత పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరాలకి వచ్చింది. అంతకుముందు తెలుగువాడి కూరలో కారమంటే ప్రధానంగా మిరియమే. కొత్తగా వచ్చిన కాయకి మిరియం మీదుగానే మిరపకాయ అని పేరు పడింది. ఇంగ్లీషువాళ్ళూ ఇదే పని చేశారు, పెప్పర్ అనే పేరే దానికీ తగిలించారు. తర్వాత దారులు వేరయ్యాయి. తెలుగులో కొత్త కాయ పాత రుచి పేరుని పూర్తిగా తనది చేసుకుంది. ఇవాళ "కారం తీసుకురా" అంటే ఎర్రటి పొడి డబ్బా తెస్తారు. ఉల్లికారం, వెల్లుల్లికారం, కొబ్బరికారం, నల్లకారం అంటూ వంటకాలకే అది ఇంటిపేరైంది. ఉల్లీ వెల్లుల్లీ ఏమీ కలపకుండా వట్టి మిరపపొడి పెడితే దాన్ని గొడ్డుకారం అని వేరు చేశాం. ఇంగ్లీషులో మాత్రం ఆ రుచికి సొంత పేరు పుట్టలేదు. వేడికి వాడే హాట్‌నే దానికీ అప్పిచ్చారు.

హాట్ అనడం తప్పుడు ఊహ కాదు, అది ఒప్పుకోవాలి. 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ బృందం క్యాప్సైసిన్‌ని పట్టుకునే గ్రాహకాన్ని కనిపెట్టింది. దాని పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి కూడా అదే గ్రాహకం స్పందిస్తుంది. అంటే మిరపకాయ కొరికినప్పుడు నరాలు మెదడుకి పంపే కబురు, నోరు కాలినప్పుడు పంపే కబురు ఒకటే. 2021లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన పరిశోధనల్లో ఇదొకటి. మనమూ నోరు మండుతోంది అనే అంటాం కదా. తేడా ఏమిటంటే మనం మంటని క్రియలో పెట్టి, రుచికి వేరే పేరు ఉంచుకున్నాం. అందుకే పులుసు వేడిగా ఉందా, కారంగా ఉందా అని తెలుగులో ఎవరూ తిరిగి అడగక్కర్లేదు. ఇంగ్లీషులో "హాట్ అంటే ఏ హాట్?" అని అడగాల్సి వస్తుంది.

ఆవ ఘాటుది మరో గ్రాహకం, టీఆర్‌పీఏ1. మన నోరు చేసిన విభజనకి శరీరంలో కూడా ఆధారం ఉందన్న మాట. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు కొందరు ఒక మాట అంటారు. శాస్త్రం ప్రకారం మూల రుచులు అయిదే, తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి, మరి మన ఆరు రుచుల్లో కారం, వగరు రుచులే కావు కదా అని. వాళ్ళు చెప్పిన దాంట్లో తప్పు లేదు. ఆ రెండూ నాలుక మీది రుచి మొగ్గలకి అందే కబుర్లు కావు. కారం నొప్పికి, వేడికి సంబంధించినది. వగరు స్పర్శకి సంబంధించినది. కాయల్లోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకుని ముద్ద కట్టేస్తాయి, నోట్లో ఉన్న జారుడు పోతుంది, నాలుక అంగిట్లో గరగరా రాసుకుంటుంది. కానీ రుచి అనే తెలుగు మాట నాలుక మీది మొగ్గలకి పెట్టిన పేరు కాదు, తినేటప్పుడు నోటికి తెలిసేదంతా రుచే. నన్ను ఆశ్చర్యపరిచేది మరొకటి. రుచి మొగ్గల జాబితాలోంచి శాస్త్రం బయట పెట్టిన ఆ రెండింటికే ఇంగ్లీషులో వాడుక మాట కుదురుగా లేదు. స్వీట్, సవర్, సాల్టీ, బిట్టర్ అనే నాలుగూ మన నాలుగింటికి సూటిగా సరిపోతాయి. ఇబ్బందంతా మిగతా రెండింటితోనే.

వగరుకి ఇంగ్లీషులో ఆస్ట్రింజెంట్ అనే మాట ఉంది. అది ఎవరి నోట వింటాం? వైద్యుల నోట, ద్రాక్షసారాయి రుచి చూసేవాళ్ళ నోట, ముఖానికి రాసుకునే సీసా మీద. జామపిందె కొరికిన పిల్లవాడి నోట వినం. తెలుగు పిల్లవాడు మాత్రం మొహం చిట్లించి "వగరు" అనేస్తాడు, తెలంగాణలో అయితే "ఒగరు" అంటాడు. నేరేడు పండు, పచ్చి అరటికాయ, వక్క, కరక్కాయ, మామిడి జీడి, ఇవన్నీ ఆ ఒక్క మాటతో ఒక కుటుంబమయ్యాయి. పేరు లేనప్పుడు ఏమవుతుందో టీ దగ్గర చూడొచ్చు. ఆకు ఎక్కువసేపు మరిగిన టీని ఇంగ్లీషులో చాలామంది బిట్టర్ అంటారు. దాంట్లో కొంత చేదు ఉన్న మాట నిజమే, కానీ నోరు పట్టేసినట్టు అనిపించేది వగరు. ఆ వగరు పాలతో తగ్గుతుంది, ఎందుకంటే పాలలోని ప్రోటీన్లు టానిన్లని ముందే పట్టేసుకుంటాయి. చేదుకి పంచదార వేస్తాం, వగరుకి పాలు పోస్తాం. రెంటినీ బిట్టర్ అనేస్తే ఎక్కడ ఏది వెయ్యాలో చెప్పే ఆధారం పోతుంది.

ట్యాంగీ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. సవర్ అంటే ఇంగ్లీషులో సగం నింద, సవర్ మిల్క్ అంటే విరిగిన పాలు. అందుకని మెచ్చుకోవడానికి ట్యాంగీ కావాల్సి వచ్చింది. తెలుగులో పులుపుకి ఆ మచ్చ లేదు. మెచ్చుకోవాలంటే పుల్లపుల్లగా ఉందంటాం, తిట్టాలంటే పులిసిపోయిందంటాం. మాటని రెట్టించడంతోనో, క్రియ మార్చడంతోనో పని జరిగిపోతుంది. చింతచిగురు పప్పుని "ట్యాంగీ" అని వర్ణించిన వీడియోలో ఆ పుల్లపుల్లటి మాట వినపడకపోతే నాకు నోరు ఊరదు.

బ్లాండ్ సంగతి అంత తేలికైనది కాదు, దానివల్ల ఒకసారి మా ఇంట్లో కష్టమే వచ్చింది. మా పెదనాన్నకి కడుపులో పుండు పడి ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు. ఇచ్చిన కాగితం మీద మందుల కింద బ్లాండ్ డైట్ అని రాసి ఉంది. కాగితం చదివిన కుర్రవాడు "చప్పిడి తిండి పెట్టమన్నారు పెద్దమ్మా" అన్నాడు. పెద్దమ్మ అన్నంలో, పప్పులో, మజ్జిగలో ఉప్పన్నది మానేసింది. అసలే నీరసంగా ఉన్న మనిషి, రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టేసేవారు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు "ఉప్పు మానెయ్యమని ఎవరన్నారండీ? నేను వద్దన్నది కారం, మసాలా, వేపుళ్ళు, ఎక్కువ పులుపు" అన్నారు. ఆ పూట ఉప్పు వేసి మెత్తగా కలిపిన పెరుగన్నం పెడితే కంచం ఖాళీ చేశారు.

ఆ కుర్రవాడు నిఘంటువు తప్పు చదవలేదు. బ్లాండ్‌కి ఎదురుగా చప్పిడి అనే ఉంటుంది. కానీ చప్పిడి అంటే మనకి ముందుగా ఉప్పు లేనిది. రక్తపోటు ఉన్నవాళ్ళకి వైద్యుడు ఉప్పు తగ్గించమంటే "చప్పిడి కూడు తినమన్నాడు" అంటాం. బ్లాండ్ అంటే నోటినీ కడుపునీ రేపనిది. ఉప్పు వేసిన రొట్టె ముక్క ఇంగ్లీషులో బ్లాండే. కాబట్టి ఆ కాగితం మీది మాటని చప్పిడి అనకూడదు, కారం మసాలాలు లేని మెత్తటి తిండి అనాలి. నాలుగు మాటలైనా సరే. ఉప్పు తగ్గించమని చెప్పాల్సి వస్తే ఆ సంగతి విడిగా రాయాలి.

చప్పన అనే మాట ఇంకా సున్నితమైనది. చారు చప్పగా ఉందంటే ఉప్పు చాలలేదు. కాఫీ చప్పగా ఉందంటే పంచదార చాలలేదు. ఒకటే మాట, కావలసింది తక్కువైందని చెబుతుంది, ఏది తక్కువైందో తింటున్న పదార్థాన్ని బట్టి అర్థమైపోతుంది. ఇంగ్లీషులో కాఫీని బ్లాండ్ అంటే పంచదార లేదని కాదు, గింజల్లోనే సారం లేదని. ఇలాంటిచోట ఎవరి మాట గొప్పదని నేను పోటీ పెట్టను. రెండూ వేర్వేరు పనులు చేస్తున్నాయి, ఒకదాని బదులు ఇంకొకటి పెడితే పని చెడుతుంది.

సేవరీ దగ్గరకొస్తే కొరత మనవైపు ఉంది. ఇంగ్లీషులో ఆ మాటకి పని పెద్దది. తీపి కాని తిళ్ళన్నీ దాని కిందికి వస్తాయి. మనం ఆ పనిని కూడా కారానికే అప్పగించాం. "ఓ తీపీ ఓ కారమూ చేశాం" అంటే చక్కిలాలు, జంతికలు, చేగోడీలు అన్నీ ఆ కారంలోకే వస్తాయి, వాటిలో మిరప చిటికెడే ఉన్నా సరే. తర్వాత కారాన్ని ఇంగ్లీషు చేసి స్వీటూ హాటూ అన్నాం. మిఠాయి దుకాణంలో గాజు డబ్బాలో చల్లగా, మెత్తటి రుచితో ఉన్న కారప్పూస హాట్ అయి కూర్చుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళకి ఇది అర్థం కాదు, అయినా ఇది మన లోపలి తర్కంతో పుట్టిన మాట కాబట్టి నాకు దీనిమీద కోపం లేదు.

సేవరీకి ఇంకో అర్థం ఈమధ్య బలపడింది, అది ఉమామి. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్రజ్ఞుడు కొంబు అనే సముద్రపు నాచు రసంలోంచి గ్లుటమేట్‌ని వేరు చేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. దాన్ని విప్పి చెప్పేటప్పుడు ఇంగ్లీషులో సేవరీ అంటారు. తెలుగులో దీనికి కమ్మదనం అని రాయడం చూశాను. నాకు అది ఒప్పలేదు. కమ్మనిది అంటే మనకి ముందు గుర్తొచ్చేది కాచిన నెయ్యి, వేయించిన కందిపప్పు, మీగడ పెరుగు. వీటిలో ఎక్కువ భాగం వాసనా, వెన్నదనమూ. ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూరలో, మగ్గిన టమాటాలో, పుట్టగొడుగుల పులుసులో నోటి నిండా పరుచుకుని, మింగాక కూడా నాలుకని వదలని రుచి ఒకటి ఉంటుంది. అది తీపి కాదు, పులుపు కాదు, ఉప్పు ఒక్కటే కాదు. దాన్ని తరతరాలుగా తింటున్నాం, పేరు పెట్టలేదు, "రుచొచ్చింది" అని ఊరుకున్నాం.

ఇక్కడ అరువు తెచ్చుకుందాం. ఇంగ్లీషు కూడా ఉమామిని జపనీసు నుంచి అరువు తెచ్చుకున్నదే. నేను ఎండు రొయ్యల వంకాయ కూర గురించి రాసేటప్పుడు ఉమామి అనే రాస్తున్నాను, చదివేవాళ్ళకి మొదట ఒక వాక్యంలో వివరించి. అదే కూరలో వేసిన ఎర్రటి పొడికి మాత్రం కారమనే రాస్తాను, పక్కనే వడ్డించిన కొత్తావకాయకి ఘాటని కూడా రాస్తాను.